బయటి ఎగ్జామినర్‌తో థీసిస్ వైవా: తేదీ ఖరారు నుంచి టీఏ బిల్లు దాకా

వైవా ఏర్పాట్లలో చాలా గందరగోళానికి మూలం ఒక్కటే: తేదీ ముందు, అనుమతి తర్వాత. ఎక్స్‌టర్నల్ ఫోన్‌లో "ఆ గురువారం రాగలను" అంటారు. గైడ్ సరేనంటారు, స్కాలర్ టికెట్టు కూడా కొనేస్తారు. వారం తర్వాత పరీక్షల విభాగం నుంచి కబురొస్తుంది, రెండో ఎగ్జామినర్ రిపోర్టు ఇంకా అందలేదని. అక్కడి నుంచి అంతా వెనక్కి నడవాలి.

ఈ మార్గదర్శి విభాగంలో వైవా పనులు చూసే గైడ్, సమన్వయకర్త, ఆఫీసు సహాయకుల కోసం. స్కాలర్లు చదివినా ఏ పని ఎవరిదో తెలుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణను వెంట తీసుకెళ్దాం. ఒక ఎక్స్‌టర్నల్ వేరే ఊరి నుంచి రైల్లో వస్తారు, రెండోవారు లండన్ నుంచి ఆన్‌లైన్‌లో కూర్చుంటారు, విభాగం భారత కాలమానంలో ఉంది.

## 1. ముందు ఫైలు ఎక్కడుందో చూడండి

తేదీ అడిగే హక్కు విభాగానికి ఎప్పుడు వస్తుంది? రిపోర్టులన్నీ అంది, వాటిని విశ్వవిద్యాలయం ఆమోదించి, "వైవా నిర్వహించవచ్చు" అని రాతలో చెప్పిన తర్వాతే. నోటిమాటగా "వచ్చేస్తుందిలెండి" అన్నది అనుమతి కాదు.

భారత్‌లో యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్‌ను కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూడాలి. వైవా బోర్డులో గైడ్‌తో పాటు వారిలో కనీసం ఒకరు ఉండాలి. వైవా ఆన్‌లైన్‌లోనూ జరపవచ్చు. సమర్పించిన తేదీ నుంచి వైవా ఫలితం దాకా మొత్తం ఆరు నెలల్లో ముగించేలా విశ్వవిద్యాలయం ఏర్పాట్లు చేసుకోవాలి. వీటి పైన ప్రతి విశ్వవిద్యాలయానికీ సొంత ఆర్డినెన్సు ఉంటుంది, మీ పని నడిచేది దాని ప్రకారమే. కనుక దాని తాజా ప్రతిని దగ్గర పెట్టుకోండి. పక్క విభాగంలో పోయినేడాది ఎలా చేశారన్నది ఆధారం కాదు.

ఫైలులో చూడాల్సినవి:

- ఎగ్జామినర్ల నియామక ఉత్తర్వు, అందులో పేర్లు, హోదాలు సరిగ్గా ఉన్నాయా
- రిపోర్టులన్నీ వచ్చాయా, ప్రతిదాని మీదా సంతకం, తేదీ, స్పష్టమైన సిఫారసు ఉన్నాయా
- వైవాకు ముందే చేయాల్సిన సవరణలు అడిగి ఉంటే వాటిని చేసినట్టు ధ్రువీకరణ ఉందా
- స్కాలర్ ఫీజు బకాయిలేమైనా ఉన్నాయా
- వైవా అనుమతి లేఖ, దాని నంబరు, తేదీ

ఇక్కడ తరచు జారిపోయేది సిఫారసు గడి. ఎగ్జామినర్ మూడు పేజీల మెచ్చుకోలు రాసి, ఫారంలో "ఆమోదం / సవరణలతో ఆమోదం / తిరిగి సమర్పణ" అన్న చోట ఏదీ గుర్తుపెట్టకుండా పంపుతారు. అలాంటి రిపోర్టును పరీక్షల విభాగం పక్కన పెట్టేస్తుంది, మీకు చెప్పకపోవచ్చు కూడా. రిపోర్టు అందిన రోజే ఆ గడి నిండిందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట. ఎగ్జామినర్ల పేర్లు స్కాలర్‌కు ఎప్పుడు తెలియవచ్చన్నది కూడా నిబంధనల్లో ఉంటుంది. తెలిసిన తర్వాత కూడా స్కాలర్ నేరుగా ఎక్స్‌టర్నల్‌కు ఫోన్ చేయకూడదు, టికెట్టు కొనకూడదు, బసకు డబ్బు కట్టకూడదు. రేపు ఎవరైనా ఫలితాన్ని ప్రశ్నిస్తే మొదట బయటికొచ్చేవి ఆ రశీదులే.

## 2. పానెల్‌ను కాగితం మీద పెట్టండి

ఎవరెవరు రావాలన్నది అందరికీ తెలిసినట్టే అనిపిస్తుంది. రాసి చూస్తే సందేహాలు బయటపడతాయి. ఒక చిన్న పట్టిక చేసి, ప్రతి మనిషికీ నాలుగు విషయాలు రాయండి: పాత్ర, సంతకం చేయాలా, స్వయంగా రావాలా ఆన్‌లైన్ చాలా, రాలేకపోతే బదులు ఎవరు.

మన ఉదాహరణలో పట్టిక ఇలా ఉంటుంది. గైడ్ కన్వీనర్, సంతకం చేస్తారు, స్వయంగా ఉంటారు. మొదటి ఎక్స్‌టర్నల్ సంతకం చేస్తారు, స్వయంగా వస్తారు. రెండో ఎక్స్‌టర్నల్ సంతకం చేస్తారు, ఆన్‌లైన్‌లో. విభాగాధిపతి హాజరవుతారు, సంతకం చేయాలా వద్దా అన్నది ఆర్డినెన్సు చెబుతుంది. వీరు కాక వివరాలు రాసుకోవడానికి, లింకు చూసుకోవడానికి ఒక అధ్యాపకుడు. ఆయనకు ప్రశ్నలడిగే పని ఉండదు.

బదులు గడి దగ్గర ఆగండి. విభాగాధిపతికి బదులుగా ఇన్‌ఛార్జి కూర్చోవచ్చు. ఎక్స్‌టర్నల్‌కు బదులును విభాగం పెట్టలేదు, ఆమోదిత జాబితా నుంచి కొత్త నియామకం జరగాలి, దానికి వారాలు పడుతుంది. పట్టికలో ఆ గడి ఖాళీగా ఉండటమే ఎక్స్‌టర్నల్ తేదీకి అన్నిటికంటే ఎక్కువ విలువ ఎందుకివ్వాలో చెబుతుంది.

గైడ్ పాత్ర దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో గైడ్ సాధారణంగా ఎగ్జామినర్ కాదు. కూర్చోనిచ్చినా మౌనంగా చూడాల్సిందే. అక్కడి ఎక్స్‌టర్నల్ మీ బోర్డులో ఉంటే, మన దగ్గర గైడ్ బోర్డు సభ్యుడన్న సంగతి ముందే రెండు వాక్యాల్లో రాయండి. లేకపోతే చర్చ సమయంలో "గైడ్ బయటికి వెళ్లరా?" అన్న ప్రశ్న వస్తుంది, స్కాలర్ తలుపు బయట నిలబడి ఉండగా దానికి జవాబు వెతుక్కోవాలి.

స్వప్రయోజన సంబంధాలు నియామకానికి ముందే చూసి ఉంటారు. అయినా నియామకానికీ వైవాకూ మధ్య చాలా నెలలు గడుస్తాయి. ఈలోగా ఎక్స్‌టర్నల్, గైడ్ కలిసి పేపరు రాసి ఉంటే, లేదా ఆయన మీ విశ్వవిద్యాలయంలోనే చేరి ఉంటే, పాత నియామకం చెల్లకపోవచ్చు. తేదీ అడిగే ఉత్తరంలోనే ఈ ప్రశ్న పెట్టేయండి.

## 3. వెనక నుంచి రోజులు లెక్కపెట్టండి

వైవా ఎప్పుడు పెట్టగలమన్నది నోటీసు గడువు, లేఖల మీద సంతకాలకు పట్టే రోజులు, టికెట్టు దొరికే వ్యవధి కలిసి నిర్ణయిస్తాయి. బహిరంగ వైవాకు ఎన్ని రోజుల ముందు నోటీసు అంటించాలో మీ ఆర్డినెన్సులో చూడండి. మన ఉదాహరణలో అది 15 రోజులు.

అనుమతి లేఖ 2026 అక్టోబరు 5, సోమవారం అందిందనుకోండి. లెక్క ఇలా సాగుతుంది:

- అక్టోబరు 6: ఇద్దరు ఎక్స్‌టర్నల్‌లకూ తేదీలు అడుగుతూ ఉత్తరం
- అక్టోబరు 12: జవాబుకు గడువు
- అక్టోబరు 14: మిగతా సభ్యుల సమ్మతి, గది బుకింగ్
- అక్టోబరు 16: తేదీ ఖరారు నోట్ మీద అధికారి సంతకం
- అక్టోబరు 19: ఆహ్వాన లేఖలు, ప్రయాణ అనుమతి
- అక్టోబరు 21: టికెట్టు, బస ఖరారు
- అక్టోబరు 26: నోటీసు అంటించడానికి ఆఖరి రోజు
- నవంబరు 2: పత్రాల కట్ట పంపడం
- నవంబరు 6: ఆన్‌లైన్ పరీక్ష
- నవంబరు 10, మంగళవారం, మధ్యాహ్నం 2:30: వైవా

అనుమతి నుంచి వైవాకు 36 రోజులు. దీన్ని మూడు వారాలకు కుదించవచ్చు గానీ, సంతకం పెట్టాల్సిన అధికారి రెండు రోజులు సెలవు పెడితే చాలు, నోటీసు గడువు తప్పుతుంది. నోటీసు గడువు తప్పిన వైవాను తర్వాత ఎవరైనా చెల్లదనవచ్చు. కనుక కుదించాల్సి వస్తే ఇతర దశల్లో కుదించండి, నోటీసును ముట్టుకోకండి.

గడువు లెక్కలో నోటీసు రోజును, వైవా రోజును కలుపుతారా అన్నది కూడా ఒక చిక్కే. కలపరని అనుకుని ఒక రోజు ముందే అంటిస్తే ఏ లెక్కకైనా నిలుస్తుంది.

## 4. మొదటి ఉత్తరం ఎక్స్‌టర్నల్‌కే

అందరికీ ఒకేసారి ఆన్‌లైన్ పోల్ పంపడం సులువుగా కనిపిస్తుంది కానీ వైవాకు అది పనికిరాదు. విభాగంలోని సభ్యులు నాలుగు రోజుల్లో మూడింటిని కొట్టేస్తారు, మిగిలిన ఒక్క రోజు ఎక్స్‌టర్నల్‌కు కుదరదు. క్రమం ఇలా ఉండాలి: ముందు స్వయంగా వచ్చే ఎక్స్‌టర్నల్, ఆయనతో పాటే ఆన్‌లైన్ ఎక్స్‌టర్నల్, తర్వాత గైడ్, విభాగాధిపతి, చివర గది.

ఒక్క జాగ్రత్త: ఉత్తరం పంపే ముందు గైడ్‌కు, విభాగాధిపతికి అసలు వీలుకాని రోజులేవో నోటిమాటగా అడిగి వాటిని తీసేయండి.

మూడు తేదీలు ఇవ్వండి, అంతకంటే ఎక్కువ వద్దు. ఒకే వారంలో మూడూ పెడితే, ఆ వారం ఎగ్జామినర్‌కు వేరే పని ఉంటే మూడూ పోతాయి. రెండు వారాలకు పరచండి. ప్రతి తేదీకీ వారం పేరు రాయండి, ఎందుకంటే అంకె తప్పు పడినా వారం పేరు పట్టిస్తుంది.

నమూనా:

> గౌరవనీయులైన ఆచార్య గారికి,
>
> మీరు పరీక్షించిన థీసిస్‌కు వైవా నిర్వహించడానికి విశ్వవిద్యాలయం అనుమతించింది (లేఖ నంబరు, తేదీ). కింది మూడింటిలో మీకు వీలైనవన్నీ తెలియజేయగోరుతున్నాం:
>
> 1. 2026 నవంబరు 5, గురువారం, మధ్యాహ్నం 2:30
> 2. 2026 నవంబరు 10, మంగళవారం, మధ్యాహ్నం 2:30
> 3. 2026 నవంబరు 12, గురువారం, మధ్యాహ్నం 2:30
>
> వైవా, బోర్డు చర్చ, సంతకాలు కలిపి సుమారు మూడున్నర గంటలు పడుతుంది. అక్టోబరు 12 లోపు జవాబిస్తే మిగతా ఏర్పాట్లు మొదలుపెడతాం. ఖరారు లేఖ అందే వరకు దయచేసి టికెట్టు తీసుకోవద్దు.
>
> నియామకం తర్వాత స్కాలర్‌తో గానీ గైడ్‌తో గానీ మీకు కొత్తగా ఏదైనా వృత్తిపరమైన సంబంధం ఏర్పడి ఉంటే తెలియజేయగలరు.

"వీలైనవన్నీ" అన్న మాట ముఖ్యం. "ఏదో ఒకటి చెప్పండి" అంటే ఒక్కటే చెబుతారు, ఆ ఒక్కటి రెండోవారికి కుదరకపోతే మళ్లీ మొదటికొస్తుంది. జవాబు వచ్చిన వెంటనే "ఈ తేదీలు అట్టేపెట్టండి, 16 లోపు ఖరారు చెబుతాం" అని రాయండి. ఖరారైన రోజే మిగతా తేదీలను విడిచిపెట్టవచ్చని చెప్పడం కూడా మర్యాద. చాలా విభాగాలు దీన్ని మరచిపోతాయి, పాపం ఆ ఎగ్జామినర్ మూడు రోజులూ ఖాళీగా ఉంచుకుంటారు.

## 5. లండన్ గడియారం

ఈ ఒక్కచోట కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఇక్కడి తప్పు వైవా రోజు దాకా ఎవరికీ కనపడదు.

ఉత్తరం వెళ్లింది అక్టోబరు 6న. అప్పటికి లండన్‌లో వేసవి సమయం నడుస్తోంది, భారత్‌కు నాలుగున్నర గంటల తేడా. మన మధ్యాహ్నం 2:30 అక్కడ ఉదయం 10:00. ఎగ్జామినర్ తన డైరీలో పది అని రాసుకుంటారు. కానీ అక్టోబరు ఆఖరి ఆదివారం, అంటే 2026లో 25వ తేదీన, బ్రిటన్ గడియారాలు గంట వెనక్కి వెళతాయి. నవంబరు 10న తేడా ఐదున్నర గంటలు. ఆ రోజు మన 2:30 అక్కడ ఉదయం 9:00. పది గంటలకు లింకు తెరిచే మనిషి మన గడియారంలో మూడున్నరకు వస్తారు, గదిలో అందరూ గంటసేపు ఎదురుచూశాక.

మార్చిలో దీనికి తిరగబడిన తప్పు జరుగుతుంది, అప్పుడు ఆయన గంట ముందే వచ్చి కూర్చుంటారు. అమెరికా వారి మార్పు వేరే ఆదివారాల్లో ఉంటుంది: మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. ముగ్గురు మూడు దేశాల్లో ఉంటే ఆ మధ్య వారాల్లో వైవా పెట్టకపోవడమే హాయి.

ఉత్తరంలోనూ, లింకు పంపే సందేశంలోనూ సమయాన్ని ఇలా రెండు వరుసల్లో రాయండి. తేడాను ఉత్తరం రాసే రోజుకు కాదు, వైవా రోజుకు లెక్కగట్టాలి:

```
2026-11-10 Tue 14:30 IST UTC+5:30
2026-11-10 Tue 09:00 GMT UTC+0
```

దీంతోపాటు క్యాలెండర్ ఆహ్వానం కూడా పంపండి. అది ఎవరి ఫోన్‌లో వారి సమయానికి తానే మారుతుంది. ఆహ్వానం తయారుచేసే కంప్యూటర్‌లో టైమ్‌జోన్ సరిగ్గా ఉందో లేదో మాత్రం ముందు చూడండి.

## 6. ఖరారు లేఖ

సంతకమైన లేఖ వెళ్లాకే తేదీ ఖరారైనట్టు. ఎగ్జామినర్ తన సంస్థలో సెలవు లేదా ఆన్ డ్యూటీ అడగడానికి ఈ లేఖే ఆధారం. కనుక లెటర్‌హెడ్ మీద, నంబరుతో, సంతకంతో ఉండాలి.

లేఖలో ఉండాల్సినవి: స్కాలర్ పేరు, థీసిస్ శీర్షిక నమోదులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా, తేదీ, సమయం, భవనం, అంతస్తు, గది నంబరు, బోర్డు సభ్యుల పేర్లు, ప్రయాణ అర్హత, రెమ్యూనరేషన్ ఎంత, ఎలా చెల్లిస్తారు, ఆ రోజు ఫోన్ ఎత్తే ఒక్క మనిషి పేరు, నంబరు. ఇద్దరి నంబర్లు ఇస్తే ఒకరి మీద ఒకరు వేసుకుంటారు.

విదేశం నుంచి స్వయంగా వచ్చేవారైతే వీసాకు వేరే ఆహ్వాన లేఖ కావాలి. అందులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, వచ్చే పని, తేదీలు, ఖర్చులు ఎవరు భరిస్తారన్నది రాయాలి. రెమ్యూనరేషన్ తీసుకుంటే కొన్ని దేశాల్లో వీసా రకమే మారుతుంది. ఈ ప్రశ్నను విశ్వవిద్యాలయ అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయానికి టికెట్టుకు ముందే వేయండి. అలాంటి ప్రయాణానికి పై 36 రోజుల లెక్క చాలదు.

## 7. ప్రయాణం, బస

మొదట తేల్చాల్సింది టికెట్టు ఎవరు కొంటారన్నది. విభాగం కొంటే ఎగ్జామినర్ చేతి నుంచి డబ్బు పోదు కానీ, మార్పులు అవసరమైతే మీరే చేయాలి. ఆయనే కొని తర్వాత బిల్లు పెడితే, ఏ తరగతి దాకా ఇస్తారో, ఏ కాగితాలు కావాలో కొనకముందే తెలియాలి. అర్హత లేని తరగతిలో ప్రయాణించి వచ్చిన పెద్దమనిషికి తేడా ఇవ్వలేమని చెప్పడం కంటే ముందే ఒక వాక్యం రాయడం నయం.

వచ్చే సమయానికి మేం పాటించమనే లెక్క ఇది. ప్రయాణం నాలుగు గంటలు దాటితే ముందురోజు సాయంత్రానికి చేరాలి. అదే రోజు రావాలంటే, వైవాకు కనీసం మూడు గంటల ముందు చేరే బండి ఉండాలి, అది తప్పితే వైవాకు ముందే చేర్చే ఇంకో బండి కూడా ఉండాలి. రెండో షరతును చాలామంది చూడరు.

మన ఉదాహరణలో రైలు ప్రయాణం ఆరు గంటలు. కనుక నవంబరు 9, సోమవారం సాయంత్రం ఆరుకల్లా చేరే రైలు. తిరుగు ప్రయాణం లెక్క: 2:30కు మొదలైన వైవా 5:00కు ముగుస్తుంది, చర్చ 5:30 దాకా, సంతకాలు, టీఏ బిల్లు 6:00 దాకా. స్టేషన్‌కు గంట. ఆలస్యానికి ఇంకో గంటన్నర కలిపితే 8:30కు ముందు బయల్దేరే రైలు తీసుకోకూడదు. 6:40 రైలు ఉందని దానికి కొంటే ఐదు గంటల నుంచే ఎగ్జామినర్ వాచీ చూసుకుంటారు, చర్చ పది నిమిషాల్లో ముగుస్తుంది, సవరణల జాబితా "తర్వాత మెయిల్ చేస్తాను" అవుతుంది. ఆ మెయిల్ కోసం స్కాలర్ ఎన్నాళ్లు చూడాలో చెప్పలేం.

టికెట్టుకు ముందు ఎగ్జామినర్‌ను అడగాల్సినవి:

- గుర్తింపు కార్డులో ఉన్నట్టు పూర్తి పేరు
- ఎక్కే స్టేషన్ లేదా విమానాశ్రయం (ఉండే ఊరూ పనిచేసే ఊరూ వేరు కావచ్చు)
- మెట్లు ఎక్కడంలో ఇబ్బంది, ఆహార నియమాలు, మందుల వేళలు
- వెంట ఎవరైనా వస్తున్నారా (బసకు తెలియాలి, వారి ఖర్చు మాత్రం విభాగానిది కాదు)
- బ్యాంకు ఖాతా, పన్ను గుర్తింపు సంఖ్య వివరాల ఫారం

గెస్ట్‌హౌస్ విషయంలో గది ఉంటే చాలదు. రాత్రి పదకొండుకు చేరే మనిషికి తాళం ఇచ్చేవారు ఉన్నారా? గేటు దగ్గర పేరు చెప్పిపెట్టారా? డ్రైవర్ నంబరు, బండి నంబరు ముందురోజే ఎగ్జామినర్‌కు పంపండి, ఎగ్జామినర్ నంబరు డ్రైవర్‌కు ఇవ్వండి. ఏ గేటు, స్టేషన్‌లో ఏ వైపు అన్నది కూడా రాయండి. పెద్ద స్టేషన్లో రెండు వైపుల మధ్య నడకే ఇరవై నిమిషాలు.

## 8. గది, లింకు

గదిని వైవాకు గంట ముందు నుంచి, ముగిశాక గంటన్నర దాకా బుక్ చేయండి. స్కాలర్‌ను బయటికి పంపి బోర్డు మాట్లాడుకునే సమయంలో తర్వాతి క్లాసు పిల్లలు తలుపు తట్టడం చాలా విభాగాల్లో జరిగేదే.

ఆన్‌లైన్ సభ్యుడు ఉన్నప్పుడు అసలు సమస్య చిత్రం కాదు, శబ్దం. ల్యాప్‌టాప్ మైకు ముందు కూర్చున్న ఒక్కరి మాటే లండన్‌కు వినపడుతుంది. టేబుల్ మధ్యలో అన్ని వైపుల నుంచీ మాటను పట్టే స్పీకర్ మైకు ఒకటి పెట్టి, మిగతా పరికరాలన్నిటిలోనూ మైకు, స్పీకర్ రెండూ ఆపేయండి. రెండు పరికరాలు ఒకే గదిలో తెరిచి ఉంటే కీచుమని మోగేది అందుకే.

నవంబరు 6న ఎగ్జామినర్‌తోనే పదిహేను నిమిషాలు అదే గదిలో, అదే యంత్రంతో పరీక్షించండి. గదిలో అతి దూరపు కుర్చీ నుంచి ఒకరు మామూలు గొంతుతో మాట్లాడాలి. ఆయనకు అర్థమైతే సరిపోయినట్టే. స్కాలర్ స్లయిడ్లను పీడీఎఫ్‌గా ముందే ఆయనకు పంపితే లింకు బలహీనపడినా పేజీ తిప్పుకోగలరు.

బోర్డు చర్చకు వేరే లింకు పెట్టండి. ఒకే లింకు వాడితే, బయటికి వెళ్లాల్సిన శ్రోతల్లో ఒకరు పేరు మాత్రమే కనిపించే గడిలో మిగిలిపోతారు.

## 9. పత్రాలు, సంతకాలు

నవంబరు 2న పంపే కట్టలో ఇవి ఉండాలి: ఎగ్జామినర్ పరీక్షించిన థీసిస్ ప్రతి, ఆ తర్వాత మార్పులు జరిగి ఉంటే పేజీ నంబర్లతో జాబితా, బోర్డుకు చూపాల్సిన రిపోర్టులు, వైవా కార్యక్రమ వివరం. అందరి చేతుల్లోనూ ఒకే ప్రతి ఉండాలన్నది పైకి చిన్న సంగతే. ఎక్స్‌టర్నల్ "112వ పేజీ చూడండి" అన్నప్పుడు స్కాలర్ చేతిలో అది 118 అయితే ప్రతి ప్రశ్నకూ అర నిమిషం వెతుకులాటే.

వైవా రోజు ఉదయమే ఒక ఫోల్డర్ సిద్ధం చేయండి:

- వైవా నివేదిక ఫారం, అడిగినన్ని ప్రతులు, పైన ఒక అదనపు ఖాళీ ప్రతి
- హాజరు పట్టిక
- ఎగ్జామినర్ల రిపోర్టులు, వాటిలోని ప్రశ్నల జాబితా
- సవరణలు రాయడానికి ఖాళీ కాగితాలు
- టీఏ బిల్లు, రెమ్యూనరేషన్ ఫారం, పేరు, ఖాతా వివరాలు ముందే నింపి
- నోటీసు ప్రతి, అంటించిన తేదీతో

వైవాకు ముప్పై నిమిషాల ముందు బోర్డు స్కాలర్ లేకుండా కూర్చోవాలి. ఎవరు మొదట అడుగుతారు, రిపోర్టుల్లోని ఏ ప్రశ్నలకు తప్పనిసరిగా జవాబు కావాలి అన్నది అక్కడే తేలాలి. మన ఉదాహరణలో అది మన రెండు గంటలకు, లండన్‌లో ఎనిమిదిన్నరకు. ఆహ్వానంలో 2:30 అని మాత్రమే రాసి, ఈ అరగంటను మరచిపోవడం మామూలు తప్పు. విడిగా ఇంకో ఆహ్వానం పంపండి.

సంతకాల దగ్గర తొందర వద్దు. ఎక్స్‌టర్నల్ గది దాటకముందు ప్రతి పేజీ తిప్పి చూడండి: సంతకం, తేదీ, సిఫారసు గడి, సవరణలకు గడువు, వాటిని సరిచూసేది ఎవరు. ఆన్‌లైన్ సభ్యుడి సంతకానికి ఫారం స్కాన్‌ను చర్చ జరుగుతుండగానే పంపి, లింకు మూసేలోపు తిరిగి తెప్పించుకోండి. మెయిల్‌లో వచ్చిన సంతకం చెల్లుతుందా, అసలు ప్రతి పోస్టులో రావాలా అన్నది పరీక్షల విభాగాన్ని ముందే అడిగి ఉండాలి.

టీఏ బిల్లు కూడా అప్పుడే. వచ్చిన టికెట్టు ప్రతి తీసుకోండి. తిరుగు టికెట్టు, విమానమైతే బోర్డింగ్ పాస్, ఎవరికి ఏ చిరునామాకు పంపాలో కాగితం మీద రాసివ్వండి.

## 10. చివరి నిమిషంలో తేడా వస్తే

రైలు ఆలస్యం. ముందురోజు రప్పించినందుకు ఇక్కడ ఫలితం కనిపిస్తుంది. అయినా ఆలస్యమైతే, వైవాను ఆ రోజే ఎంతవరకు జరపగలమో రెండు విషయాలు చెబుతాయి: గది ఎప్పటిదాకా మనది, ఆన్‌లైన్ సభ్యుడు ఎప్పటిదాకా ఉండగలరు. ఈ రెండు సమయాలూ ముందే రాసిపెట్టుకోండి. కొత్త సమయాన్ని గది తలుపు మీద, నోటీసు బోర్డు మీద అంటించండి.

ఎక్స్‌టర్నల్ రాలేనన్నారు. స్వయంగా వచ్చేవారిని ఆన్‌లైన్‌కు మార్చడం విభాగం సొంతంగా తీసుకునే నిర్ణయం కాదు. అనుమతి లేఖలో "ఆన్‌లైన్ లేదా స్వయంగా" అని మొదటే అడిగి పెట్టుకుంటే ఆ రోజు ఉత్తర్వు కోసం పరుగెత్తనక్కర్లేదు. లేకపోతే వాయిదానే. వాయిదా పడితే నోటీసు గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కించాలా అని పరీక్షల విభాగం నుంచి రాతలో తెలుసుకోండి.

లింకు తెగింది. ఎగ్జామినర్ లేకుండా ప్రశ్నలు కొనసాగించకండి. తెగిన సమయం, మళ్లీ కలిసిన సమయం రాసుకోండి. ఐదు నిమిషాల్లో కలవకపోతే ఫోన్‌లో స్పీకర్ మీద తీసుకోండి. అదీ కుదరకపోతే, ఆ సభ్యుడు లేకుండా ఫలితం ప్రకటించే అధికారం బోర్డుకుందా అన్నది ఆర్డినెన్సులోని కోరం నిబంధన చెబుతుంది. ఆ పేజీని ఫోల్డర్‌లోనే పెట్టి ఉంచండి, మైకు దగ్గర నిలబడి వెతికేది కాదు అది.

ఫారంలో తప్పు తర్వాత బయటపడింది. థీసిస్ శీర్షికలో అక్షరం తేడా, తేదీ తప్పు లాంటివి. కొట్టివేసి పైన రాయకండి. అదనపు ప్రతి మీద సరైనది నింపి, అందరి సంతకాలూ మళ్లీ తీసుకోండి. ఎక్స్‌టర్నల్ అప్పటికే రైలెక్కి ఉంటే, సరిదిద్దిన ఫారంతో పాటు ఏం మారిందో చెప్పే ఒక పేరా ఆయనకు మెయిల్ చేసి, దానికి ఆయన ఇచ్చిన అంగీకారాన్ని ఫైలులో కలపండి. పాత ఫారాన్ని చించకండి, అది కూడా ఫైలులోనే ఉండాలి.